27 ట్రయల్స్ ఎవిడెన్స్ టేబుల్‌ను ఒక్క పేజీ సమ్మరీ పట్టికగా కుదించడం

ప్రశ్న: హైదరాబాదులో ఒక బోధనాసుపత్రి ప్రసూతి విభాగంలో పీజీ చేస్తున్నాను. సిస్టమాటిక్ రివ్యూలోని పెద్ద ఎవిడెన్స్ టేబుల్‌ను డ్యూటీ డాక్టర్లు రెండు నిమిషాల్లో చదవగలిగే సమ్మరీ ఆఫ్ ఫైండింగ్స్ టేబుల్‌గా మార్చమన్నారు. కాలమ్‌లు తీసేస్తూ పోతే ఏది ఉంచాలో తెలియడం లేదు. మీలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే చెప్పగలరా?

జవాబు:

కొన్నేళ్ల క్రితం నగరంలోని మరో బోధనాసుపత్రిలో నాకు ఇదే పని అప్పగించారు. విషయం కూడా మీ విభాగానిదే: నెలలు నిండకముందే ప్రసవమయ్యే ప్రమాదమున్న గర్భిణులకు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. మాకు ఆధారం 2020లో తాజా పరచిన కాక్రేన్ రివ్యూ. అందులో 27 ట్రయల్స్ ఉన్నాయి. నేనూ మీలాగే కాలమ్‌లు తీసేయడంతోనే మొదలుపెట్టాను. 14 కాలమ్‌ల పట్టికను 8కి తెచ్చి, ఏ3 కాగితం మీద అడ్డంగా ముద్రించి, విభాగ సమావేశంలో పంచాను. ఒక సీనియర్ రెసిడెంట్ నవజాత శిశు మరణాల వరుసలో 0.78 అనే అంకె చూసి, "అంటే 78 శాతం మంది బతుకుతారన్న మాట" అన్నారు. ఆయనను తప్పుపట్టడానికి లేదు. పట్టిక ఆయనకు ఆ అంకె తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

ఎవిడెన్స్ టేబుల్‌లో ఒక్కో వరుస ఒక్కో అధ్యయనానిది: ఎక్కడ చేశారు, ఎంతమందితో చేశారు, ఏ మోతాదు ఇచ్చారు, ఏ లోపాలున్నాయి. సమ్మరీ పట్టికలో ఒక్కో వరుస ఒక్కో ఔట్‌కమ్‌ది. అధ్యయనాలు ఆ వరుసలో "22 అధ్యయనాలు, 10,609 మంది శిశువులు" అన్న ఒక్క గడిలోకి ఇమిడిపోతాయి. కాబట్టి పాత పట్టికను చెరుపుతూ పోతే కొత్త పట్టిక రాదు. ఖాళీ కాగితం మీద ఔట్‌కమ్‌ల పేర్లు రాసుకుని మొదలుపెట్టాలి.

ఆ పేర్లు ఏడుకు మించకూడదని కాక్రేన్ హ్యాండ్‌బుక్ చెబుతుంది, మేము దాన్ని పాటించాము. ఏడింటిని ఎంచుకునే పని ఫలితాలు చూడకముందే జరగాలి. నేను రెండోసారి మాత్రమే ఈ జాగ్రత్త తీసుకున్నాను. ఇద్దరు ప్రసూతి వైద్యులు, ఒక నియోనటాలజిస్టు, ఎన్ఐసీయూ సిస్టర్ ఒకరు కలిసి 19 ఔట్‌కమ్‌లకు 1 నుంచి 9 వరకు మార్కులు వేశారు. ఆధారాల నిశ్చయతను అంచనా వేసే గ్రేడ్ పద్ధతిలో 7 నుంచి 9 వరకు వచ్చినవి నిర్ణయానికి కీలకమైనవి, 4 నుంచి 6 వరకు వచ్చినవి ముఖ్యమైనవే కాని కీలకం కానివి. ఆక్సిజన్ మీద ఉన్న రోజుల సంఖ్య నాకు ఎంతో ఆకర్షణీయంగా కనిపించింది, ఎందుకంటే దాని పి-వాల్యూ అందంగా ఉంది. సిస్టర్ దానికి 4 వేశారు, తల్లి మరణానికి 9 వేశారు. మొదటిసారే ఫలితాలు చూసేసిన నాకే ఎంపికను వదిలేసి ఉంటే నేను ఆ రెండింటిలో మొదటిదాన్నే ఎంచుకుని ఉండేవాడిని. కీలకమైన ఔట్‌కమ్‌కు ఏ ట్రయల్ నుంచీ సమాచారం రాకపోయినా దాని వరుసను తీసేయకూడదు. "ఏ అధ్యయనమూ దీన్ని కొలవలేదు" అని రాసి ఉంచాలి, ఎందుకంటే ఆ ఖాళీ కూడా డాక్టరు తెలుసుకోవలసినదే.

ఇక 0.78ని చదవగలిగేలా చేయడం. అది రిస్క్ రేషియో, అంటే స్టెరాయిడ్ ఇచ్చినప్పటి ప్రమాదం ఇవ్వనప్పటి ప్రమాదంలో ఎంత వంతో చెప్పే అంకె. అదొక్కటే ఇస్తే, చదివేవారు దాన్ని మనసులో దేనితోనో గుణించుకోవలసి వస్తుంది, ఆ గుణించవలసిన అంకె వారి దగ్గర ఉండదు. అందుకే పట్టికలో "1000 మందిలో ఇంత" అన్న రూపంలో రెండు గడులు ఉంటాయి: స్టెరాయిడ్ ఇవ్వకపోతే ఎంతమంది, ఇస్తే ఎంతమంది. మొదటి గడిలోని అంకెను కంట్రోల్ రిస్క్ అంటారు. నా అనుభవంలో ఈ పట్టిక మొత్తం మీద ఎక్కువ ఆలోచన అడిగేది ఆ గడే.

సాఫ్ట్‌వేర్ సాధారణంగా అన్ని ట్రయల్స్ కంట్రోల్ గ్రూపుల మరణాలను కలిపి, మొత్తం సంఖ్యతో భాగించి ఆ అంకెను తనంతట తానే నింపుతుంది. అందులో ఒక చిక్కుంది: పెద్ద ట్రయల్ ఆ సగటును తన వైపుకు లాక్కుంటుంది. ఈ రివ్యూలో అటువంటి పెద్ద ట్రయల్ 2020లో వచ్చిన యాక్షన్-1. అది భారతదేశంతో పాటు బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాలలో జరిగింది. 26 వారాల నుంచి 34 వారాలు నిండని గర్భంతో ఉన్నవారిని తీసుకున్న ఆ ట్రయల్ ప్లసీబో గ్రూపులో 1406 మంది శిశువులకు 331 మంది మరణించారు, అంటే 1000కి దాదాపు 235. ఇది జిల్లాల నుంచి 108 అంబులెన్సులో వచ్చే కేసులున్న ఆసుపత్రికి దగ్గరగా ఉండవచ్చు. కాని నగరంలో, క్రమం తప్పకుండా చెకప్‌కు వచ్చే గర్భిణులు, సుసజ్జితమైన ఎన్ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో అది చాలా ఎక్కువ అవుతుంది.

అందుకని మేము నవజాత శిశు మరణానికి ఒక్క వరుస కాకుండా రెండు వరుసలు ఇచ్చాము: అధిక ప్రమాదం, తక్కువ ప్రమాదం. తక్కువ ప్రమాదానికి 1000కి 40 అనుకున్నాము. ఇది ఉదాహరణకు తీసుకున్న అంకె, మీరు మీ ఆసుపత్రి రిజిస్టరు నుంచి తీసుకోవాలి. రివ్యూలో రిస్క్ రేషియో 0.78, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.70 నుంచి 0.87 వరకు. లెక్క ఇలా వస్తుంది:

```
235 × 0.78 = 183   (235 × 0.70 = 165,  235 × 0.87 = 204)
 40 × 0.78 =  31   ( 40 × 0.70 =  28,   40 × 0.87 =  35)
```

మొదటి వరుసలో 1000 మందికి 52 మరణాలు తగ్గుతాయి, రెండో వరుసలో 9. రిస్క్ రేషియో మారలేదు, కాని వార్డులో ఉన్న డాక్టరుకు ఈ రెండూ ఒకటే మాట కాదు. సాపేక్ష ప్రభావం అన్ని స్థాయిల ప్రమాదంలోనూ దాదాపు ఒకేలా ఉంటుందన్న ఊహ మీద ఈ లెక్క నిలబడుతుంది కాబట్టి, ఆ ఊహను పట్టిక కింద ఒక వాక్యంలో రాయండి.

ఇక్కడే నేను చేసిన పొరపాటొకటి చెప్పాలి. తేడాకు ఇంటర్వల్ రాసేటప్పుడు, రిస్క్ రేషియోలో చిన్న అంకె అయిన 0.70 నుంచి పెద్ద తగ్గింపు వస్తుంది, పెద్ద అంకె అయిన 0.87 నుంచి చిన్న తగ్గింపు వస్తుంది. అంటే 52 తక్కువ, 31 నుంచి 70 వరకు తక్కువ. నేను రెండో వరుసలో వీటిని తిరగేసి "12 నుంచి 5 వరకు తక్కువ" అని రాశాను, తర్వాత మరొకరు అదే వరుసను సరిదిద్దబోయి పెద్ద అంకెను ముందు ఉంచే క్రమాన్ని మరికొన్ని వరుసలకూ పెట్టారు. చివరికి ఏది ఎటు మొదలవుతుందో ఎవరికీ తెలియలేదు. ప్రతి వరుసలోనూ చిన్న అంకె ముందు, పెద్ద అంకె తర్వాత అని నియమం పెట్టుకోండి. దశాంశాలు వద్దు, 183.3 మంది శిశువులు ఉండరు.

తల్లి మరణం వరుస మరో పాఠం నేర్పింది. అక్కడ రిస్క్ రేషియో 1.19, ఇంటర్వల్ 0.36 నుంచి 3.89 వరకు, 6 అధ్యయనాల్లో 6244 మంది స్త్రీలు. మా సమావేశంలో ఒకరు దీన్ని చూసి "స్టెరాయిడ్‌తో తల్లుల మరణాలు 19 శాతం పెరుగుతున్నాయా?" అని కంగారుపడ్డారు. కంట్రోల్ రిస్క్ 1000కి 2 అనుకుంటే, ఆ గడిలో 1000కి 2 అని, ఇంటర్వల్ 1 నుంచి 8 వరకు అని వస్తుంది. ఆ రూపంలో చూస్తే మేలూ కీడూ రెండూ ఆ పరిధిలో ఉన్నాయని వెంటనే తెలుస్తుంది. ఇంత వెడల్పు ఉన్నందువల్లనే ఈ వరుస నిశ్చయత ఉన్నతం నుంచి మధ్యస్థానికి ఒక మెట్టు తగ్గింది. నవజాత శిశు మరణాల వరుస ఉన్నతంగానే నిలిచింది.

నిశ్చయత గడిలో చుక్కలు, ప్లస్ గుర్తులు పెట్టి ఊరుకుంటే డ్యూటీ డాక్టరు ఏమీ గ్రహించరు, ఆయన చదివేది పక్కనున్న వాక్యమే. ర్యాండమైజ్డ్ ట్రయల్స్ ఉన్నతం నుంచి మొదలై, ఐదు కారణాల్లో దేనివల్లనైనా మెట్లు దిగుతాయి: అధ్యయన లోపాలు, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం, మన రోగులకు నేరుగా వర్తించకపోవడం, అంకెల అస్పష్టత, ప్రచురణ పక్షపాతం. ఫుట్‌నోట్‌లో "అస్పష్టత వల్ల తగ్గించాము" అని రాస్తే చదివేవారికి ఒరిగేదేమీ లేదు. "ఇంటర్వల్ మరణాలు తగ్గడాన్నీ, దాదాపు నాలుగు రెట్లు పెరగడాన్నీ కూడా కలుపుకుంటోంది, అందువల్ల ఒక మెట్టు తగ్గించాము" అని రాస్తే వారే తీర్పు చెప్పుకోగలరు.

వాక్యం రాసేటప్పుడు తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. "తగ్గిస్తుంది", "బహుశా తగ్గిస్తుంది", "తగ్గించవచ్చు" అన్న మూడు రూపాలను మూడు స్థాయిలకు, అంటే ఉన్నతం, మధ్యస్థం, తక్కువకు కేటాయించాము. అతి తక్కువ నిశ్చయతకు "తగ్గిస్తుందో లేదో చెప్పలేము" అన్నాము. "తగ్గించవచ్చు" అన్నది మన వాడుకలో అనుమతి ఇచ్చినట్టు కూడా వినిపిస్తుంది కాబట్టి, ఒక పీజీ "తగ్గించవచ్చు అంటే మోతాదు తగ్గించవచ్చనా?" అని అడిగారు. ఆ తర్వాత "మరణాలను తగ్గించే అవకాశం ఉంది" అని మార్చాము.

పట్టిక సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, దాన్ని తయారుచేయని ఒక హౌస్ సర్జన్‌కు ఇచ్చి రెండు ప్రశ్నలు అడగండి: అధిక ప్రమాదం ఉన్న 1000 మంది శిశువుల్లో ఎన్ని మరణాలు తగ్గుతాయి, తల్లి మరణం విషయంలో మనకు ఏం తెలుసు. మా మొదటి పట్టికతో ఒకరు దాదాపు నాలుగు నిమిషాలు వెతికి 78 అన్నారు. మార్చిన పట్టికతో అదే స్థాయి వ్యక్తి అర నిమిషంలో 52 అన్నారు, రెండో ప్రశ్నకు "పెరుగుతాయో తగ్గుతాయో ఖాయంగా చెప్పలేము" అన్నారు. వారు తడబడిన గడి ఏదో చూసి అక్కడే మార్చండి. మా విషయంలో అది కంట్రోల్ రిస్క్ గడికి శీర్షిక. "అంచనా వేసిన ప్రమాదం" అని ఉన్నదాన్ని "స్టెరాయిడ్ ఇవ్వకపోతే 1000కి" అని మార్చాక ఇబ్బంది రాలేదు.