బాల్కనీ స్లాబుకు కంబి పైనే ఉండాల

చి. శీనకు, మీ మామ ఆశీర్వదించి రాసేది.

ఇంటి ముందు బాల్కనీకి ఎంత కంబి, ఎంత సిమెంటు పడుతుందని అడిగినావు. అనంతపురం ఎండల్లో సాయంత్రం కూర్చోడానికి నాలుగడుగులు బయటికి రావాల్సిందే, వద్దనను. అయితే ఆ నాలుగడుగుల కింద స్తంభం లేదు, గోడ లేదు. లోపలి గదిలో స్లాబు రెండు వైపులా ఆనుకుని మధ్యలో దిగుతుంది కాబట్టి దానికి కింద కంబి కావాల. బాల్కనీ చివరన కిందికి వంగాలని చూస్తుంది, కాబట్టి చీలేది పైభాగం, అదీ బీము దగ్గర. ఇక్కడ అసలు కంబి పైన ఉండాల.

నీది పదడుగుల పొడుగు, నాలుగడుగుల ముందుకు. మందం బీము దగ్గర 6 అంగుళాలు, అంచున 4 చాలు. సగటు 5 అంగుళాలు. పదిని నాలుగుతో, దాన్ని 5/12తో గుణించు: దాదాపు 16.7 ఘనపు అడుగుల కాంక్రీటు. 1:1½:3 పాళ్లలో నాలుగు మూటల సిమెంటు, 7½ ఘనపు అడుగుల ఇసుక, 15 ఘనపు అడుగుల 20 మి.మీ. కంకర. కలిపితే కంకర సందుల్లోకి ఇసుక, సిమెంటు దూరి పద్దెనిమిది ఘనపు అడుగులకు కొంచెం తక్కువ వస్తుంది, ఒలికిపోయేదానికి ఆ మిగులు సరిపోతుంది. మూటకు నీళ్లు 25 లీటర్లు దాటనీయొద్దు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించు.

కంబి 10 మి.మీ.ది, ఆరంగుళాలకు ఒకటి. పదడుగులంటే 120 అంగుళాలు, ఆరుతో భాగిస్తే 20 సందులు, కంబులు 21. ఒక్కోటి బయట నాలుగడుగులు, లోపల దాని ఒకటిన్నర రెట్లు, అంటే బీము బయటి అంచు నుంచి ఆరడుగులు పోవాల. లోపల పొడుగు తగ్గిస్తే పట్టు ఉండదు.

మొత్తం పదడుగులు కదా, 40 అడుగుల కంబిలో నాలుగు ముక్కలొస్తాయి అంటాడు కట్టేవాడు. కొట్లో 40 అడుగులని చెప్పే కంబి నిజానికి 12 మీటర్లు, అంటే 39 అడుగుల 4 అంగుళాలు. పదేసి అడుగులు నరికితే నాలుగో ముక్క ఎనిమిది అంగుళాలు కురచ అవుతుంది, దాన్ని ఎవరూ చూడని చోట పెట్టేస్తారు. అందుకే అన్నీ 9 అడుగుల 10 అంగుళాలకు నరకమను. అంచున కంబిని కప్పే కాంక్రీటుకు, అంటే కవరుకు, ఒక అంగుళం ఎట్లాగూ పోతుంది, లోపల ఒక అంగుళం తగ్గినా నష్టం లేదు. 21కి ఆరు కంబులు కావాల. మిగిలిన మూడు ముక్కలు పై కంబిని ఎత్తి పట్టే చైర్లకు పనికొస్తాయి. ఈ 10 మి.మీ. కంబులకు అడ్డంగా, వాటి కింది వైపు, 8 మి.మీ. కంబి ఎనిమిది అంగుళాలకు ఒకటి: బయట ఏడు, లోపల తొమ్మిది. ఆ 16 ముక్కలకు సరిగ్గా నాలుగు కంబులు. బరువు కావాలంటే వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగించు, మీటరుకు కిలోలు వస్తాయి. పదికి 0.617, ఎనిమిదికి 0.395. కొనేది మొత్తం 63 కిలోల పైచిలుకు.

ఈ లెక్క నాలుగున్నర అంగుళాల పిట్టగోడ వరకే. తొమ్మిదంగుళాల గోడ కడతానన్నా, బీము వెనక స్లాబు లేకుండా మెట్ల ఖాళీ ఉన్నా ఇంజనీరు మళ్లీ గీయాల్సిందే. వెనక బరువు లేకపోతే లోపల ఎంత కంబి పెట్టినా పట్టుకునేది ఏదీ ఉండదు.

ఇంత చేసినా చెడేది కాంక్రీటు పోసే రోజు. గంపలతో మనుషులు పై కంబిని తొక్కుతూ నడుస్తారు. పై నుంచి అంగుళం కవరు పోను, అది బీము దగ్గర అడుగు నుంచి దాదాపు ఐదంగుళాల ఎత్తులో ఉండాల. రెండంగుళాలు కుంగితే బలం ఐదింట రెండొంతులు పోయినట్టే. చైర్లు మూడడుగులకు ఒకటి గట్టిగా కట్టించు, నడవడానికి పలకలు వేయించు. పోసేటప్పుడు బీము దగ్గర నిలబడి, అక్కడక్కడా టేపు దింపి కంబి మీద కాంక్రీటు ఎంతుందో కొలువు. అంగుళం కంటే ఎక్కువ వస్తే, గట్టిపడక ముందే పైకి లాగించు. రేపు చూద్దామంటే కుదరదు.

సెంట్రింగు లోపల విప్పినా బయట సపోర్టులు ఇరవై ఎనిమిది రోజులు ఉంచు, పిట్టగోడ ఆ తర్వాతే. విప్పేటప్పుడు అంచు నుంచి మొదలుపెట్టి బీము వైపు రావాల. బీము వైపు ముందు తీస్తే అంచున ఉన్న సపోర్టు మీద స్లాబు ఆనుకుని, మనం కంబి పెట్టని అడుగు భాగం పగులుతుంది. గోడ కట్టాక బీము వెంబడి పైన పొడుగునా ఒక చీలిక కనపడినా, వాన నీళ్లు అంచు దగ్గర నిలిచినా, పూత పూసి మూయొద్దు. కిందికి జాకీలు పెట్టించి నాకు ఫోన్ చెయ్.

మీ మామ