తాతయ్యకీ మనవరాలికీ ఒకే క్విజ్

“బెంగళూరులో మా ఇంట్లో శనివారం క్విజ్ పెడుతున్నాను. పాపకి 7 ఏళ్లు, మామగారికి 78. తేలికైతే ఆయనకి విసుగు, కష్టమైతే పాప లేచి వెళ్లిపోతుంది. ఏం చేయాలి?”

వాళ్లిద్దరినీ ఒకే జట్టులో వేయండి. తర్వాత ఒకే విషయాన్ని మూడు మెట్లుగా అడగండి. మా ఇంట్లో బాగా కుదిరింది డబ్బు.

మొదటి మెట్టు పిల్లలకే, పెద్దలు నోరు విప్పకూడదు. కొత్త యాభై నోటు చేతికిచ్చి, వెనక ఉన్న బొమ్మ ఏమిటో అడగండి. హంపీ రాతి రథం. రెండోది పెద్దలకే: రూపాయికి అణాలెన్ని? 16. రూపాయికి వంద కొత్త పైసలు ఏ సంవత్సరం వచ్చాయి? 1957.

అసలు సరదా మూడో మెట్టులో ఉంది. “మూడు పావలాలు ఎన్ని పైసలు?” పావలా అంటే పాతిక పైసలని తాతయ్య చెప్పాలి, కూడిక పాప చేయాలి. జవాబు 75. ఏ ఒక్కరూ ఒంటరిగా గెలవలేని ప్రశ్న ఇక్కడ ఉండాలి. ఇలాంటివి తయారుచేయడానికే ఎక్కువ సమయం పెట్టండి.

ముందు చేయి ఎత్తినవాళ్లకే ఛాన్స్ అనే పద్ధతి మాత్రం వద్దండీ. అందులో వేగమే గెలుస్తుంది, పెద్దాయన మౌనంగా ఉండిపోతారు. ప్రశ్న రెండుసార్లు చదివి, పలక మీద రాయించండి. మెట్టుకి ఐదు ప్రశ్నలు చాలు. వరసగా రెండిటికి పలక ఖాళీగా వస్తే ఆ మెట్టు బరువైందని అర్థం. తర్వాతి ప్రశ్నకి మూడు జవాబులిచ్చి ఎంచుకోమనండి.