రేట్ల లెటర్ అంటించినా కౌంటర్ దగ్గర గొడవ ఆగట్లేదు

"టిఫిన్ సెంటర్‌లో పాత, కొత్త రేట్లు రాసి లెటర్ అంటించాను. అయినా రోజూ వచ్చేవాళ్లు, ముఖ్యంగా భోజనం కూపన్లు కొన్నవాళ్లు, నాతో వాదిస్తున్నారు. ఏం తప్పు చేశాను?"

మీ లెటర్‌లో తేదీ లేకపోయి ఉంటుంది, కూపన్ల మాట కూడా. "రేట్లు పెరిగాయి" అని మాత్రమే ఉంటే, పాత రేటుకు డబ్బు కట్టేసినవాళ్లకు అది మాట తప్పినట్టే అనిపిస్తుంది. అందరూ వదిలేసేది ఈ కూపన్ల లైనే. పాత కూపన్‌పై తేడా అడగకండి. ఒక్కో భోజనానికి మీకు పది రూపాయలు పోయినా కస్టమర్ నిలుస్తాడు.

1. పాత లెటర్ తీసేయండి. కొత్త రేట్లు కనీసం పది రోజుల తర్వాత మొదలయ్యేలా తేదీ పెట్టండి.

2. ఇలా రాయండి:

"గ్యాస్, నూనె, మినపప్పు ధరలు పెరగడం వల్ల 15వ తేదీ నుంచి ఈ రేట్లు మారుతున్నాయి.
ఇడ్లీ (4): పాత ధర ₹40, కొత్త ధర ₹45
సాదా దోసె: ₹50, ఇకపై ₹60
భోజనం: ₹80, ఇకపై ₹90
30 భోజనాల కూపన్ బుక్: ₹2,400, ఇకపై ₹2,700
టీ ₹15, మారలేదు.
14వ తేదీ వరకు కొన్న కూపన్లు అయిపోయేదాకా అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు."

కారణం ఒక్క లైను చాలు, కష్టాలన్నీ ఏకరువు పెడితే ఎవరూ చదవరు.

3. 14న రాత్రే గోడమీద బోర్డు, బిల్లింగ్ మెషీన్‌లో రేట్లు మార్చండి. బోర్డు మీద 50 ఉండి బిల్లులో 60 వస్తే మళ్లీ మొదటికే.

4. పాత రేటు ఉండే చివరి వారం ఒకరే నాలుగు కూపన్ బుక్కులు కొనకుండా మనిషికి ఒకటే అనండి.