పులిహోర కాగితంలో పప్పులెక్కడ తప్పాయి

“మా అమ్మ చేసే పులిహోరను ఆమె చెబుతుండగా రాసి చుట్టాలందరికీ పంపాను. రాసినట్టే చేశామంటున్నారు, ఎవరికీ కుదరడం లేదు. రాసినదాంట్లో తప్పెక్కడుందో ఎలా పట్టుకోవాలి?”

ముందుగా ఒక మాట. ఆ కాగితాన్ని మీరుగానీ మీ అమ్మగారుగానీ సరిచూస్తే లాభం లేదు. వంట చేతికి వచ్చినవారు కాగితంలో లేనిదాన్ని కూడా చదివేసుకుంటారు. పోపు అనగానే శనగపప్పు ముందు, మినపప్పు తరువాత అన్న క్రమం వారి మనసులోనే ఉంటుంది కాబట్టి, అది రాయలేదన్న సంగతి వారి కంటపడదు. పులిహోర తినడమే తప్ప ఎన్నడూ చేయనివారి చేత చదివించండి. నా అభిప్రాయంలో ఇంతకు మించిన పరీక్ష లేదు.

మా అత్తగారు బెంగళూరులో ఉన్న తమ మేనకోడలికి పంపిన కాగితాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాను. మీది కూడా దాదాపు ఇలాగే ఉంటుందని నా నమ్మకం.

“కావలసినవి: బియ్యం అరకిలో, చింతపండు నిమ్మకాయంత, ఎండుమిర్చి, ఆవాలు, శనగపప్పు, మినపప్పు, వేరుశనగ గుళ్లు, కరివేపాకు, ఇంగువ, పసుపు, నూనె, ఉప్పు తగినంత. నూనె కాగాక పోపు సామాన్లన్నీ వేసి వేయించాలి. పచ్చిమిర్చి చీలికలు, నానబెట్టి తీసిన చింతపండు గుజ్జు వేసి దగ్గరపడేవరకు ఉడికించాలి. చల్లారిన అన్నంలో కలిపి ఉప్పు సరిచూసుకోవాలి. అన్నం వండేటప్పుడు నీళ్లు కాస్త తగ్గించి పోయాలి.”

ఆ అమ్మాయి చేసిన పులిహోర ముద్దగా వచ్చింది, మినపప్పు మాడింది, ఒక ముద్దలో ఉప్పుంటే మరో ముద్దలో లేదు. ఫోన్ చేసి అడిగితే మా అత్తగారు, “అన్నం పలుకుగా ఉండాలని కూడా చెప్పాలా అమ్మాయ్?” అన్నారు. చెప్పారు, కానీ చివరి వాక్యంలో చెప్పారు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి అన్నం ఉడికి, చల్లారి, పులుసులో కలిసిపోయింది.

సరిచూడటానికి నేను పెన్సిలు పట్టుకుని మొదట చేసే పని, విధానంలో ఒక్కో వస్తువు పేరు వచ్చినప్పుడల్లా పైనున్న జాబితాలో దాని పక్కన ఒక గీత పెట్టడం. పై కాగితానికి ఇలా గీతలు పెడితే, పచ్చిమిర్చి విధానంలో ఉంది కానీ జాబితాలో లేదు. పసుపు జాబితాలో ఉంది కానీ దాన్ని ఎక్కడ వేయాలో విధానంలో లేదు. ఆ అమ్మాయి పసుపు అసలు వేయనేలేదు. నూనెకు ఒక్క గీతే పడింది. మా అత్తగారు చేస్తుండగా చూస్తే మాత్రం నూనె రెండుసార్లు వాడతారు. వేడి అన్నాన్ని పళ్లెంలో ఆరబోసి దానిమీద పసుపు, పచ్చి కరివేపాకు, రెండు చెంచాల నూనె వేసి మెతుకు విరగకుండా కలపడం మొదటిసారి, పోపు పెట్టడం రెండోసారి. పలుకు పలుకుగా ఉండటానికి అసలు కారణమైన ఆ మొదటి పని కాగితంలో పూర్తిగా ఎగిరిపోయింది. గీతల లెక్క సరిపోని వస్తువు ఎక్కడుందో అక్కడ ఒక పని తప్పిపోయి ఉంటుంది, తప్పకుండా వెతకండి.

ఇక కొలతలు. “తగినంత”, “నిమ్మకాయంత” అన్న మాటల మీద నాకు పాత కోపం ఉంది. అరకిలో బియ్యానికి మా అత్తగారు వేసే చింతపండును తూచితే 80 గ్రాములు వచ్చింది, అది మామూలు నిమ్మకాయలు రెండింటికి తక్కువ కాదు. అయితే వండేవారి చేతికి చెంచా ఇచ్చి కొలవమనకండి, కొలుస్తున్నామనగానే చేతి వాటం మారిపోతుంది. ఉప్పు డబ్బాను, నూనె గిన్నెను, చింతపండు పొట్లాన్ని వంటకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి తూకం మీద పెట్టండి, తేడాయే కొలత. మా ఇంట్లో ఆ విధంగా ఉప్పు 22 గ్రాములు తేలింది. గ్రాముల్లోనే రాయమనడానికి కారణం, చెంచాడు కళ్లుప్పు చెంచాడు మెత్తటి ఉప్పు కన్నా తక్కువ తూగడం. ఇంగువ విషయంలో అది ముద్ద ఇంగువో పొడి ఇంగువో కూడా రాయాలి, ఎందుకంటే డబ్బాలో అమ్మే పొడిలో పిండి కలిసి ఉంటుంది, ముద్ద ఇంగువంత ఘాటు దానికి రాదు. ఇవేవీ చెప్పకుండా “మీ రుచికి తగ్గట్టు అడ్జస్ట్ చేసుకోండి” అనే వీడియోల వాళ్లు, ఒక కప్పు అంటూ చూపించే ఆ కప్పు టీ కప్పో, కొలత కప్పో ఎన్నడూ చెప్పరు.

ఉప్పు ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నది కూడా కాగితంలో తప్పే. చల్లారిన అన్నంలో కలిపాక ఉప్పు చల్లితే అది కరగదు, చల్లినచోటే ఉండిపోతుంది, ఆ అమ్మాయికి జరిగింది అదే. ఉప్పంతా పులుసు ఉడుకుతున్నప్పుడే పడాలి. ఆ పులుసును చెంచా కొనతో నాలుక మీద వేసుకుంటే ఉప్పు, పులుపు రెండూ భరించలేనంత ఎక్కువగా తగలాలి, అప్పుడే అన్నంలో కలిశాక సమంగా ఉంటుంది. “ఉప్పు సరిచూసుకోవాలి” అన్న వాక్యాన్ని కలపడానికి ముందుకు జరిపి, ఈ గుర్తును దాని పక్కన రాయాలి.

క్రమం సరిచూడాలంటే కాగితాన్ని కింది నుంచి పైకి చదవండి. ప్రతి వాక్యం దగ్గర ఆగి, ఈ పనికి చేతిలో ఏమేమి సిద్ధంగా ఉండాలి, అవి పైన ఎక్కడ తయారయ్యాయి అని అడగండి. “చల్లారిన అన్నంలో” అన్నారు. దానికి పైన అన్నం వండిన వాక్యమే లేదు, చల్లార్చడానికి పట్టే అరగంట మాట అంతకన్నా లేదు. “నానబెట్టి తీసిన గుజ్జు” అన్నారు. ఎన్ని నీళ్లలో, ఎంతసేపు అన్నది లేదు. పోపు వేగుతుండగా ఆ మాట చదివినవారు చింతపండును అప్పుడు వేడినీళ్లలో వేస్తారు, గుజ్జు దిగేలోగా బాణలిలో పోపు మాడుతుంది. వంట కాగితాల్లో సమయమంతా ఇలాంటి మాటల్లోనే దాక్కుంటుంది. నానిన, చల్లారిన, ఉడికించిన, వేయించి పెట్టుకున్న అని కనబడిన ప్రతిచోటా సున్నా చుట్టి, దాన్ని విడి వాక్యంగా విడదీసి పైకి పంపితే క్రమం దానంతట అదే చక్కబడుతుంది.

“పోపు సామాన్లన్నీ వేసి” అన్నదాన్ని మాత్రం విడదీస్తే సరిపోదు, తిరగరాయాలి. వేరుశనగ గుళ్లు అన్నిటికన్నా నిదానంగా వేగుతాయి కనుక వాటిని ముందుగా సన్నటి సెగ మీద వేయించి పక్కకు తీసేయాలి, పులుసులో ఉడికితే మెత్తబడతాయి కాబట్టి చివర కలపాలి. తరువాత శనగపప్పు, అది రంగు తిరగడం మొదలయ్యాక మినపప్పు, ఆపైన ఆవాలు, అవి చిటపటలాడాక ఎండుమిర్చి, చివరగా కరివేపాకు, ఇంగువ. రెండు పప్పులూ ఒకేసారి పడితే లావుగా ఉన్న శనగపప్పు ఎర్రబడేలోగా మినపప్పు నల్లబడుతుంది, మినపప్పును చూసి మంట ఆపితే శనగపప్పు పచ్చిగా మిగిలి పంటికి రాయిలా తగులుతుంది. కాబట్టి మీరు పంపిన కాగితం చూసి చేసిన పులిహోర ఎవరికైనా చేదుగా వచ్చిందంటే, మొదట చూడవలసింది ఈ వాక్యాన్నే.

“దగ్గరపడేవరకు” అన్నది చాలామంది నిమిషాల్లోకి మార్చేసి పని అయిపోయిందనుకుంటారు. మా అత్తగారి వెడల్పాటి మూకుడులో, రెండు గ్లాసుల నీళ్లతో పిసికి తీసిన గుజ్జుకు, మధ్యస్థ మంట మీద 20 నిమిషాలు పడుతుంది. ఆ అమ్మాయి లోతైన గిన్నెలో, మూడు గ్లాసులతో తీసిన గుజ్జును అదే 20 నిమిషాలు ఉడికించి ఉంటే పులుసు పల్చగానే ఉండేది. నీళ్ల కొలత, గిన్నె వెడల్పు రాయకుండా నిమిషాలు మాత్రమే రాసినదాన్ని సమయం రాసినట్టుగా నేను లెక్కపెట్టను. కుక్కరు విజిళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు, మూడు లీటర్ల కుక్కరులో మూడు విజిళ్లు, అయిదు లీటర్ల కుక్కరులో మూడు విజిళ్లు ఒక్కటి కావు. నిమిషాల పక్కన కంటికి కనబడే గుర్తు ఉండాలి: పులుసు అంచుల్లో నూనె తేలడం, బుడగలు బరువెక్కి చిమ్మడం, గరిటెతో అడుగున గీస్తే దారి ఒక క్షణం నిలిచి మూసుకోవడం. ఈ గుర్తుకు ముందే దించితే అన్నం తడిసి పచ్చి చింతపండు వాసన వస్తుంది, దాటనిస్తే పులుసు జామ్‌లా బిగిసి మెతుకులకు పట్టదు.

అన్నానికి కూడా “కాస్త తగ్గించి” అన్నచోట కొలత పెట్టాలి. గ్లాసు సోనా మసూరి పాత బియ్యానికి మా ఇంట్లో మామూలుగా రెండు గ్లాసుల నీళ్లు, పులిహోరకు ఒకటిముప్పావు. కొత్త బియ్యమైతే ఇంకో పావు తగ్గుతుంది, కాబట్టి బియ్యం పాతవో కొత్తవో కూడా ఆ వాక్యంలో ఉండాలి.

చివరగా, తినే వేళ నుంచి వెనక్కి గడియారం తిప్పి చూడండి, కాగితంలో ఇంకా ఏ సమయమైనా మిగిలిపోయి ఉంటే అక్కడ దొరుకుతుంది. పులిహోర కలిపాక ఒక గంట ఊరితేనే పులుపు మెతుకులోకి దిగుతుంది, మా అత్తగారి కాగితంలో ఆ గంట లేదు. మధ్యాహ్నం 12 గంటలకు విస్తరిలో పడాలంటే 11 గంటలకు కలపాలి. దానికి అన్నం 10:15 కల్లా ఉడికి పళ్లెంలో ఆరాలి, అదే సమయానికి పోపు మొదలైతే పులుసు 10:45కు దిగుతుంది. అంటే 9:45కు ఒక పొయ్యి మీద కుక్కరు ఎక్కాలి, రెండో పొయ్యి మీద నీళ్లు కాచి చింతపండు నానేయాలి. మీ కాగితంలో మొదటి వాక్యం అదే కావాలి.