విలువలో ఒక శాతం ఫీజు అడిగే వాల్యుయర్‌ని పెట్టుకోవచ్చా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారి ఇల్లు ఉంది. మేం ముగ్గురం వారసులం. ఇల్లు తానే ఉంచుకుని మిగతా ఇద్దరికీ వాటా డబ్బు ఇస్తానని మా అన్నయ్య అంటున్నాడు. విలువ కట్టడానికి వచ్చినాయన బ్యాంకు ప్యానెల్ కార్డు చూపించి, తేలిన విలువలో ఒక శాతం ఫీజు అడుగుతున్నారు. ఆయన్ని నమ్మొచ్చా అండీ?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆయన మంచివారే కావచ్చమ్మా. కానీ ఆ ఫీజుకి మాత్రం ఒప్పుకోకండి.

లెక్క చూడండి. ఇల్లు కోటిన్నర అని రాస్తే ఆయనకు లక్షన్నర వస్తుంది. కోటీ ఎనభై లక్షలు అని రాస్తే లక్షా ఎనభై వేలు. అదే తేడాకి మీ అన్నయ్య మీ ఇద్దరికీ కలిపి ఇరవై లక్షలు ఎక్కువ ఇవ్వాలి. పైకి ఇది మీకు లాభమే అనిపిస్తుంది. రేపు వ్యవహారం పార్టిషన్ దావా దాకా వెళ్తే, బోనులో ఆయన్ని అన్నయ్య తరఫు వకీలు మొదట అడిగేది ఫీజు గురించే: 'విలువ పెరిగితే మీ ఫీజు పెరుగుతుందా, లేదా?' అవునన్నాక, రిపోర్టు నిజాయితీగా రాసినా దాని బరువు తగ్గిపోతుంది. నిపుణుడి అభిప్రాయం సాక్ష్యమే గానీ, దానికి కోర్టు కట్టుబడక్కర్లేదు. 'అన్నయ్యకు ఎంత తగ్గిస్తే అందులో ఇంత' అనే బేరం ఇంకా ఘోరం.

'పాత సంపద పన్ను నియమాల్లోనే విలువను బట్టి ఫీజు ఉంది కదా' అని ఆయన అనొచ్చు. అది దాటకూడని గరిష్ఠ పరిమితి మాత్రమే, అంత తీసుకోవాలని కాదు. 2017 నాటి రిజిస్టర్డ్ వాల్యుయర్ల నియమాలతో పాటు ఉన్న ప్రవర్తనా నియమావళి అయితే, స్వతంత్ర వాల్యుయర్ ఫలితాన్ని బట్టి వచ్చే సక్సెస్ ఫీజు తీసుకోకూడదనీ, రాతపూర్వక ఒప్పందంలో లేని ఫీజు పుచ్చుకోకూడదనీ చెబుతుంది.

ఇక ఆ కార్డు. ఆ బ్యాంకు తన అప్పుల పని కోసం పెట్టుకున్న మనిషని మాత్రమే అది చెబుతుంది. రిజిస్ట్రేషన్ వేరు. వాల్యుయర్లను రిజిస్టర్ చేసే కేంద్ర సంస్థ ఐబీబీఐ ఇచ్చిన నంబరు అడిగి, ibbi.gov.in లోని రిజిస్టర్డ్ వాల్యుయర్ల జాబితాలో ఆ పేరు చూడండి. ఏ విభాగంలో ఉందో కూడా చూడాలి. 'భూములు, భవనాలు' అయితేనే మీకు పనికొస్తుంది. 'యంత్రాలు' విభాగం రిజిస్ట్రేషన్ ఇంటి విలువ కట్టడానికి కాదు. ఆయన సభ్యుడిగా ఉన్న వాల్యుయర్ల సంస్థ ఇచ్చిన ప్రాక్టీసు సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులో ఉందా అన్నదీ అడగండి. కుటుంబ పంపకాలకు ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ అది ఉన్నవాళ్ల రిపోర్టును కొట్టిపారేయడం కష్టం.

ముగ్గురూ కలిసి ఒకరినే పెట్టుకుని ఒప్పందం రాయించండి. పని కుటుంబ పంపకం కోసమనీ, విలువ ఏ తేదీకి కడుతున్నారనీ, ఫీజు ఇంత అని ముందే తేల్చిన మొత్తమనీ, విలువ ఎంత వచ్చినా అది మారదనీ అందులో ఉండాలి. ముగ్గురూ సంతకం పెట్టి, ఫీజు సమానంగా భరించండి. చుట్టుపక్కల ఈమధ్య రిజిస్టరైన అమ్మకాల డాక్యుమెంట్ నంబర్లు రిపోర్టులో లేకపోతే, వాటిని చేర్చమని తిప్పి పంపండి.

అన్నయ్య దీనికి ఒప్పుకోకపోతే, దావాలో విలువ తేల్చడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద ఇల్లు చూసి నివేదిక ఇచ్చే కమిషనర్‌ని వేయమని కోర్టును అడగొచ్చు.