క్లయింట్ పేరు తెలియకుండా ఒప్పుకోకు

అమ్మలూ,

నువ్వు పంపిన రిక్రూటర్ మెయిల్ చదివాను. ఆరు నెలలు కాంట్రాక్టు, తర్వాత పర్మనెంట్, పేరున్న కంపెనీ అని రాశాడు గానీ ఆ కంపెనీ, అంటే వాళ్ల క్లయింట్, ఏదో చెప్పలేదు. పైగా ప్రొఫైల్ పంపడానికి ఈరోజే అంగీకారం తెలపమంటున్నాడు. ఆ ఒక్కటీ ఇప్పుడే పంపకు.

పేరు దాచినంత మాత్రాన మోసమని కాదు. చెబితే నువ్వు నేరుగా అప్లై చేస్తావనో, ఇంకో ఏజెన్సీ చెవిన వేస్తావనో వాళ్ల భయం. కానీ నువ్వు ఇప్పటికే మరో ఏజెన్సీకి రెజ్యూమె ఇచ్చావు కదా. ఇద్దరూ నిన్ను ఒకే కంపెనీకి పంపితే, ఫీజు ఎవరికివ్వాలన్న తగువు మనకెందుకని ఆ కంపెనీ నిన్నే పక్కన పెట్టేయొచ్చు. అందుకే వాళ్ల భయం తీరేలా, నీ పని జరిగేలా ఇలా రాయి:

"ఈ ఉద్యోగంపై నాకు ఆసక్తి ఉంది. ఇంతకుముందే ఎవరైనా నా ప్రొఫైల్ అక్కడికి పంపారేమో చూసుకోవాలి కాబట్టి క్లయింట్ పేరు, జాబ్ ఐడీ చెప్పండి. ఫోన్‌లో చెప్పినా ఫరవాలేదు. ఎవరూ పంపి ఉండకపోతే ఈ ఒక్క ఉద్యోగానికి మీ ద్వారానే వెళ్తానని రాతపూర్వకంగా ఇస్తాను. కాంట్రాక్టు కాలంలో నాకు ఆఫర్ లెటర్, జీతం ఇచ్చే సంస్థ పూర్తి పేరు కూడా తెలపగలరు."

చివరి వాక్యం తీసేయకు. ఆ ఆరు నెలలూ నువ్వు కూర్చునేది క్లయింట్ ఆఫీసులో అయినా, కాగితాల మీద నీ యజమాని సాధారణంగా ఏజెన్సీయే. ఒక్కోసారి మధ్యలో ఇంకో సంస్థ దూరుతుంది. అప్పుడు జీతం ఆలస్యమైతే ఎవరినడగాలో నీకు తెలియదు, వీళ్లు వాళ్లనీ వాళ్లు వీళ్లనీ చూపిస్తారు.

పేరు చెప్పాక పర్మనెంట్ సంగతి అడుగు. ఆ మాట మెయిల్లో ఎంత ధీమాగా ఉన్నా, ఆరు నెలలు నిండగానే దానంతటదే జరగదు. తీసుకోవాలా వద్దా అన్నది క్లయింట్ ఇష్టం. చాలా ఒప్పందాల్లో, గడువుకు ముందే నిన్ను తీసుకుంటే క్లయింట్ ఏజెన్సీకి ఫీజు కట్టాలి. గడువు దాటితే అది తగ్గుతుంది, లేదా ఉండదు. కాబట్టి నువ్వెంత బాగా చేసినా మూడో నెలలో పిలుపు రాకపోవచ్చు, టెన్షన్ పడకు. అడగాల్సింది ఇది: పర్మనెంట్ పోస్టుకు బడ్జెట్ ఇప్పటికే మంజూరైందా, అప్పటి జీతం ఏ పరిధిలో ఉంటుంది? గంటల లెక్కన వచ్చేది చూసి నెల జీతం అంతే ఉంటుందనుకోకు. సెలవులు, బీమా లాంటివి కలిశాక చేతికొచ్చేది తగ్గొచ్చు. కాంట్రాక్టు ముగిశాక క్లయింట్ దగ్గర నేరుగా చేరకూడదన్న షరతు ఉంటే, అది ఎన్నాళ్లో సంతకానికి ముందే చూసుకో.

జవాబులో పేరు, జాబ్ ఐడీ వచ్చాయంటే ముందుకెళ్లు. అంగీకారం రాసేటప్పుడు క్లయింట్ పేరు, ఉద్యోగం, ఆ అంగీకారం చెల్లే చివరి తేదీ అందులో పెట్టు. "అన్ని ఉద్యోగాలకూ మేమే ప్రతినిధులం" అని ఉంటే కొట్టేయమను. రెండుసార్లు అడిగినా "ముందు అంగీకారం పంపండి" అనే అంటే, ధన్యవాదాలు చెప్పి ఊరుకో. ఈలోపు ఆ మొదటి ఏజెన్సీ నీ రెజ్యూమె ఎక్కడెక్కడికి పంపిందో ఈరోజే అడిగి రాసిపెట్టుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న