గడ్డంలో చుండ్రు, కింద మొటిమలు: నాకు పనిచేసిన పద్ధతి

"నాలుగు నెలలుగా గడ్డం పెంచుతున్నా. లోపల ఒకటే దురద, పొట్టు రాలుతోంది, దవడ మీద మొటిమలు. రోజూ కొబ్బరినూనె రాస్తున్నా తగ్గట్లేదు. గడ్డం తీసేయాల్సిందేనా?"

తీయక్కర్లేదు. ముందు ఆ నూనె ఆపండి.

అయ్యప్ప దీక్షలో పెరిగిన గడ్డాన్ని మాల తీశాక కూడా ఉంచేసి, నేనూ ఏడాది పాటు ఇదే తప్పు చేశాను. పొట్టు రాలుతోందంటే చర్మం ఎండిపోయిందనుకుని రాత్రిళ్లు నూనె పట్టించేవాణ్ణి. పొద్దున్నకి మెత్తగానే ఉండేది, రెండో రోజుకి మళ్లీ నల్ల చొక్కా నిండా పొట్టు. చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, వెంట్రుకలు పాయలు తీసి అద్దంలో చూపించారు: మీసం కింద, ముక్కు పక్కన చర్మం ఎర్రగా ఉంది, పొట్టు పసుపుగా, వేలికి జిడ్డుగా అంటుకుంటోంది. ఎండిన చర్మం పొట్టయితే పొడిగా, సన్నగా రాలుతుందట. మనందరి చర్మం మీదా మలసీజియా అనే ఈస్ట్ ఉంటుంది, అది చర్మం జిడ్డులోని కొవ్వు తిని బతుకుతుంది. మనం రాసే నూనెల్లో చాలావరకు దానికి మేతే.

నాకు రాసిచ్చింది ఆ ఈస్ట్‌ని తగ్గించే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ, వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. అసలు కిటుకు రుద్దే తీరులో ఉంది. మొదట్లో నేను పైపైన నురగ చేసి కడిగేసేవాణ్ణి, వెంట్రుకలు శుభ్రపడేవి గానీ మందు చర్మానికి తగిలేదే కాదు. గోరువెచ్చని నీళ్లతో గడ్డం బాగా తడిపి, రూపాయి బిళ్లంత షాంపూ తీసుకుని, వేళ్ల కొసలు వెంట్రుకల కిందకి పోనిచ్చి, మెడ నుంచి పైకి, అంటే వెంట్రుకలకి ఎదురుగా నెమ్మదిగా తిప్పాలి. గోళ్లు తగలకూడదు. మీసం కింద మర్చిపోకండి. ఐదు నిమిషాలు అలాగే ఉంచి, వేళ్లకి జారుడు పోయేదాకా కడిగి, టవల్‌తో అద్ది, అడుగుదాకా ఆరనివ్వండి. మిగతా రోజుల్లో మామూలు ఫేస్‌వాష్‌ని ఇలాగే వాడండి.

రెండో వారానికే నాకు దురద పోయింది, పొట్టు పోవడానికి నెల పట్టింది. పూర్తిగా మానేస్తే మళ్లీ వస్తుంది, అందుకే ఇప్పటికీ పదిహేను రోజులకోసారి వాడుతున్నా.

మొటిమల సంగతి. నూనె ఆపాక నాకు సగం అవే తగ్గాయి, మిగతావాటికి 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ వాడాను. ఇది వెంట్రుకల రంగు పోగొడుతుంది, టవల్ మీదా మచ్చలు పడతాయి, కాబట్టి గడ్డం లేని మెడ, బుగ్గల అంచులకే రాసుకోండి. మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం ముఖానికి వద్దు. నాకు మూడు రోజుల్లో ఎరుపు పోయింది, ఆపగానే అంతకు రెట్టింపు మొటిమలొచ్చాయి.

ఒకవేళ గడ్డం కింద నొప్పితో చీముగడ్డలు లేచి, పట్టుకుంటే వెంట్రుకలు సులువుగా ఊడొస్తుంటే అది చుండ్రు కాదు, గడ్డానికి పట్టిన తామర కావచ్చు. దానికి పైపూతలు సరిపోవు, సాధారణంగా మాత్రలు కావాలి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.